కొత్త పుస్తకాలొచ్చాయి, ఆదివారం రండి

విజయవాడ ఏలూరు రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక సందులో నాకు బాగా అలవాటైన చిన్న పుస్తకాల దుకాణం ఉంది. పార్సిల్ ఆఫీసు నుంచి అట్టపెట్టెలు వచ్చిన రోజు అక్కడ ఉండటం నాకిష్టం. పురికొస తాడు కోసి మూత విప్పగానే కొత్త సిరా వాసన వస్తుంది. షాపాయన ఒక్కో పుస్తకం తీసి, వెనక అట్ట మీది ధర చూసి, పుస్తకంలో రాసుకుని బల్ల మీద పెడుతుంటాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని పేజీలు తిప్పుతుంటాను.

ఒక శుక్రవారం అలాగే పుస్తకాలొచ్చాయి. ఆయన వాటిని బల్ల మీద వరసగా పేర్చి ఫోన్‌లో ఫొటో తీశాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతూ కింద ఇలా రాశాడు:

"మా దుకాణానికి సరికొత్త పుస్తకాలు విచ్చేశాయి! ప్రముఖ రచయితల అద్భుతమైన, హృదయాన్ని హత్తుకునే పుస్తకాలు అందుబాటులో కలవు. త్వరపడండి! అలాగే ప్రతి వారం జరిగే మా పుస్తక పఠన గోష్ఠికి సాహితీ ప్రియులందరూ విచ్చేసి జయప్రదం చేయవలసిందిగా ప్రార్థన. వివరాలకు సంప్రదించండి."

ఆదివారం సాయంత్రం పక్క టిఫిన్ సెంటర్ నుంచి ఎనిమిది కుర్చీలు అడిగి తెచ్చాం. వచ్చింది ఇద్దరు. ఆ ఇద్దరూ పోస్టు చూడకపోయినా వచ్చేవాళ్లే. "లైకులు బానే వచ్చాయండీ, మనుషులే రాలేదు" అన్నాడాయన, కుర్చీలు మళ్లీ ఒకదాని మీద ఒకటి పెడుతూ. ఆ మాట నన్ను వదల్లేదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఆ అయిదు వాక్యాలను విప్పి చూశాం. అలా తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. పుస్తకాల షాపు నడిపేవాళ్లకీ, ఊళ్లో నలుగురినీ పోగేసి పుస్తకం చదువుకోవాలనుకునేవాళ్లకీ పనికొస్తుందని నా ఆశ.

మొదట కనిపించిన లోపం "అలాగే" అన్న మాట. దానికి ముందున్నదంతా పుస్తకం కొనేవాడికి. తర్వాత ఉన్నదంతా ఆదివారం గంటన్నర మనకివ్వాల్సిన మనిషికి. కొనేవాడికి పుస్తకం పేరు, ధర చాలు, పని మీద ఇటు వచ్చినప్పుడు తీసుకుంటాడు. సెలవు రోజున చొక్కా మార్చుకుని, బండి తీసి, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య కూర్చోవాలంటే అంతకంటే బలమైన కారణం కావాలి. రెండు వేర్వేరు పనులను "అలాగే"తో అతికిస్తే చదివేవాడి కన్ను అక్కడే జారిపోతుంది. మొదటి సగం ప్రకటన అనుకున్నవాడు రెండో సగం దాకా రానే రాడు.

దీనికి మేం కనుక్కున్న మందు ఒక్కటే. ఈ వారం వచ్చిన పుస్తకాల్లోంచి ఒకదాన్ని ఎంచుకోవాలి. ఆదివారం చదివేదీ అదే కావాలి. అప్పుడు పుస్తకం గురించి చెప్పిన మాటే పిలుపవుతుంది, మధ్యలో అతుకు అక్కర్లేదు. అయితే ఏ పుస్తకమైనా ఇందుకు సరిపోదు. నాలుగు వందల పేజీల నవల ఎంత గొప్పదైనా, శుక్రవారం పోస్టు చూసినవాడు ఆదివారానికి చదివి రాలేడు. చదవకుండా వస్తే చిన్నబోతానేమోనని అసలు రావడమే మానేస్తాడు. కూర్చున్నచోటే పైకి చదివి ముగించగలిగేది కావాలి. అంటే ఒక కథ, కాదంటే ఒక వ్యాసం.

మా అదృష్టం కొద్దీ తర్వాతి వారం పెట్టెలో సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ప్రతులు వచ్చాయి. ఒకప్పుడు ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వారం వారం వచ్చిన కథలవి. కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి ఊరూ, ఆ గుడీ, ఆ మనుషులే వంద కథలయ్యారు. ఒక్కోటి కొద్ది పేజీలే. నెమ్మదిగా పైకి చదివినా పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. విజయవాడ వాళ్లకు ఆ ఊరు పక్కనే, ఆ నదీ తమదే. ఇంతకంటే తగిన పుస్తకం దొరకదనిపించింది. అందులోంచి 'వరద' కథ తీసుకున్నాం. ఊరు మునిగినప్పుడు ఆచారం తప్పని పూజారి ఆకలికి ఓర్వలేక, తాను ఎప్పుడూ ముట్టుకోని మనిషి పెట్టిన అన్నం తినే కథ అది.

ఇక మొదటి వాక్యం. ఇక్కడ ఫోన్ తెర మన మీద ఒక హద్దు పెడుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద రాత మొత్తం 2,200 సంకేతాల దాకా ఉండొచ్చు గానీ, చదువుతూ కిందికి జరుపుకుంటూ పోయేవాడికి మొదట కనిపించేది సుమారు 125 సంకేతాలే. ఫోన్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. మిగతాది చూడాలంటే వేలితో నొక్కాలి. నొక్కాలా వద్దా అనేది ఆ మొదటి ముక్కే తేలుస్తుంది.

తెలుగుకు ఇందులో ఇంకో చిక్కుంది. మన కంటికి ఒక అక్షరంగా కనిపించేది కంప్యూటర్ లెక్కలో ఒకటి కాదు. హల్లు ఒకటి, గుణింతం ఒకటి, ఒత్తు ఇవ్వడానికి మధ్యలో పొల్లు ఒకటి. 'స్త్రీ' మనకు ఒకే అక్షరం, లెక్కలో ఆరు. 'పుస్తకం' మూడక్షరాల మాట, లెక్కలో ఏడు. అందువల్ల ఆ 125లో మనకు దక్కేది పదిహేను, పదహారు మాటలు. "మా దుకాణానికి సరికొత్త పుస్తకాలు విచ్చేశాయి! ప్రముఖ రచయితల అద్భుతమైన" అనేసరికి అందులో సగం పైగా ఖర్చయిపోయింది. ఇంతవరకు చదివినవాడికి ఏ పుస్తకం గురించీ ఒక్క ముక్క తెలియలేదు.

మేం చాలాసేపు కొట్టేసి, రాసి, మళ్లీ కొట్టేసి చివరికి నిలుపుకున్న మొదటి ముక్క ఇది:

"వరదకు అమరావతి మునిగింది. అంటరానివాడని దూరం పెట్టినవాడి చేతి అన్నమే పూజారికి దిక్కయింది. ఫిబ్రవరి 8న ఆ కథే చదువుకుందాం."

ఒక్కో గుర్తూ లెక్కబెడితే 118. అంటే నొక్కకుండానే మొత్తం కనిపిస్తుంది. ఇందులో పుస్తకం పేరు లేదు. దాని అట్ట ఫొటోలో ముందే ఉంది కాబట్టి ఇక్కడ చోటు పోగొట్టుకోలేదు. కథలోని అసలు మలుపు చెప్పేశామేమోనని షాపాయన సందేహించాడు. నాకలా అనిపించలేదు. పూజారి ఆ అన్నం తిన్నాడన్నది కథలో సగమే. నీళ్లు తీశాక ఏమైందన్నదే మిగతా సగం, దాన్ని మేం ముట్టుకోలేదు. ముగింపు చెప్పకూడదు గానీ, కథలో ఏముందో దాచిపెట్టి "ఊహించని మలుపులు" అని ఊరించడం వల్ల లాభం లేదు. చదువరికి కావాల్సింది పట్టుకోవడానికి ఒక మనిషి, ఒక పరిస్థితి. 'అంటరానివాడని' అన్న మాట దగ్గర కూడా తటపటాయించాం. మెత్తగా వేరే మాట వేస్తే వాక్యంలోంచి కథే జారిపోతోంది. ఆ కథ ఆ విషయం గురించే, అందుకని ఉంచాం.

మిగతా పుస్తకాల సంగతి చూద్దాం. ఆ వారం దాదాపు ముప్పై రకాలు వచ్చాయి. అన్నిటి పేర్లూ రాస్తే అది జాబితా అవుతుంది, ఎవరూ చదవరు. ఆదివారం పుస్తకం కాకుండా ఇంకో రెండు చాలనుకున్నాం. మిగతావి ఫొటోలో కనిపిస్తాయి, దుకాణానికి వస్తే చేతికే అందుతాయి. ఆ రెండింటికీ ఒక్కో వాక్యం. ఈ ఒక్క వాక్యం దగ్గరే ఎక్కువ మంది తడబడతారు. 'హృదయాన్ని హత్తుకునే నవల' అని రాస్తే అది ఏ నవలకైనా సరిపోతుంది. వాక్యంలో పుస్తకం పేరు తీసేసి ఇంకో పేరు పెట్టి చూడండి. అప్పుడూ వాక్యం చక్కగా నిలబడిందంటే ఆ పుస్తకం గురించి మీరేమీ చెప్పనట్టే.

మా బల్ల మీద బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', రావిశాస్త్రి 'అల్పజీవి' ఉన్నాయి. మొదటిదానికి షాపాయన "తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలల్లో ఒకటి" అని రాశాడు. అది పాఠ్యపుస్తకం వాక్యం. బీయే పరీక్ష రాసినవాళ్లకు గుర్తుండొచ్చు గానీ, కొత్తవాడికి పుస్తకం తెరవాలనిపించదు. దాన్ని "తల్లి మీద లోకం వేసిన నింద జీవితమంతా వెంటాడిన డాక్టరు దయానిధి కథ" అని మార్చాం. రెండోదానికి "అందరికీ భయపడే గుమాస్తా సుబ్బయ్య కథ" చాలన్నాను. ఆయన పక్కన "మనలో చాలామంది ఆయనే" అని చేర్చాడు. ఆ మాట నాకు నచ్చింది, ఉంచేశాం. పుస్తకం చదివిన మనిషి రాసిన వాక్యానికీ, వెనక అట్ట చూసి రాసిన వాక్యానికీ తేడా అక్కడే తెలిసిపోతుంది. షాపులో ఎవరూ చదవని పుస్తకం గురించి రాయాల్సి వస్తే మొదటి పది పేజీలైనా చదివి, అందులో కనిపించిన ఒక మనిషి గురించి చెప్పడం మేలు.

ధర తప్పకుండా రాయాలి. "ధర కోసం మెసేజ్ చేయండి" అంటే అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు అక్కడే ఆగిపోతారు. ఈ పాత నవలల్ని ఒకరి కంటే ఎక్కువమంది ప్రచురణకర్తలు వేశారు కాబట్టి చేతిలో ఉన్న ప్రతి వెనక అట్ట చూసే ధర రాయాలి, గుర్తున్నది రాయకూడదు. 'త్వరపడండి' బదులు నిజంగా ఎన్ని ప్రతులున్నాయో చెబితే సరిపోతుంది. "ఎనిమిది ప్రతులు వచ్చాయి" అంటే త్వరపడాలా వద్దా అనేది చదివినవాడే తేల్చుకుంటాడు.

ఇప్పుడు పిలుపు. మన దగ్గర సాహిత్యం అనగానే గుర్తొచ్చేది సభ. వేదిక, మైకు, అధ్యక్షుడు, ముఖ్య అతిథి, శాలువా, రెండున్నర గంటలు. 'పుస్తక పఠన గోష్ఠి' అన్న మాట వినగానే ఆ దృశ్యమంతా కళ్లముందుకొస్తుంది. 'విచ్చేసి జయప్రదం చేయవలసిందిగా ప్రార్థన' అంటే దానికి పెళ్లి శుభలేఖ మర్యాద కూడా తోడవుతుంది. పెళ్లికైతే పిలిచినవాళ్లు తెలిసినవాళ్లు కాబట్టి వెళతాం. ఇక్కడ పిలిచినవాళ్లెవరో తెలియదు, 'సాహితీ ప్రియులు' అన్న మాట తనకు వర్తిస్తుందో లేదో కూడా తెలియదు. ఏడాదికి రెండు పుస్తకాలు చదివే బ్యాంకు ఉద్యోగి తనను తాను సాహితీ ప్రియుడినని అనుకోడు. కానీ మాకు కావాల్సింది అతనే. కాబట్టి పేరు పెట్టడం మానేసి పని చెప్పాం. 'కలిసి కథ చదువుకుందాం' అన్నాం. "మైకు ఉండదు, వేదిక ఉండదు" అని ఒక ముక్క చేర్చాం. ఇది సభ కాదని అంత తేలిగ్గా చెప్పే దారి నాకు ఇంకోటి తోచలేదు.

మొదటిసారి రావాలనుకునే మనిషి మనసులో కొన్ని ప్రశ్నలుంటాయి, వాటిని పైకి అడగడు. పుస్తకం చదివి రావాలా? అక్కడ కొనాలా? నన్ను మాట్లాడమంటారా? డబ్బులేమైనా కట్టాలా? ఈ నాలుగింటికీ జవాబు రెండు చిన్న వాక్యాల్లో ఇవ్వొచ్చు: "చదివి రానక్కర్లేదు, కొననక్కర్లేదు. వినడానికి వచ్చినా సంతోషమే, ప్రవేశం ఉచితం." కొననక్కర్లేదని రాయడానికి షాపాయన కొంచెం వెనకాడాడు. ఆయన దుకాణం నడవాలి, అద్దె కట్టాలి, ఆ భయం న్యాయమైనదే. అప్పుడు నేనాయనకు పుస్తకాల పడవ సంగతి గుర్తుచేశాను. 1935లో గ్రంథాలయోద్యమం వాళ్లు కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య తిరిగే పడవలో గ్రంథాలయం పెట్టారు. అందులో ఎక్కినవాళ్లు పుస్తకం కోసం వచ్చినవాళ్లు కారు, ఊరెళ్లే ప్రయాణికులు. పడవ దిగేలోపు ఏదో ఒకటి తెరిచేవాళ్లు. పుస్తకం ముందు చేతిలోకి వెళ్లాలి, కొనడం సంగతి తర్వాత. ఆయన కాసేపు ఆలోచించి, ఆ ముక్కను తన చేత్తోనే రాశాడు.

తేదీ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. 'ఈ ఆదివారం' అని రాస్తే, ఆ పోస్టు మూడు రోజుల తర్వాతో పది రోజుల తర్వాతో ఎవరి కంటనైనా పడితే ఏ ఆదివారమో తెలియదు. పోస్టులు వేసిన రోజునే అందరికీ కనిపించవు. వాట్సాప్‌లో ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు చేరేసరికి వారం కూడా గడుస్తుంది. అందుకే తేదీ, వారం రెండూ ఉండాలి. పక్కనే 'ప్రతి ఆదివారం' అన్న ముక్క కూడా ఉంటే, ఫిబ్రవరి 8 దాటాక చూసినవాడు కూడా వచ్చే వారానికి రావొచ్చు.

అన్నీ కలిపి మేం పెట్టిన రాత ఇది. దుకాణం పేరు, ఫోన్ నంబరు, ధరలు ఇక్కడ వదిలేస్తున్నాను.

"వరదకు అమరావతి మునిగింది. అంటరానివాడని దూరం పెట్టినవాడి చేతి అన్నమే పూజారికి దిక్కయింది. ఫిబ్రవరి 8న ఆ కథే చదువుకుందాం.

సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ఎనిమిది ప్రతులు వచ్చాయి. ధర రూ. …
బుచ్చిబాబు 'చివరకు మిగిలేది': తల్లి మీద లోకం వేసిన నింద జీవితమంతా వెంటాడిన డాక్టరు దయానిధి కథ. ధర రూ. …
రావిశాస్త్రి 'అల్పజీవి': అందరికీ భయపడే గుమాస్తా సుబ్బయ్య కథ. మనలో చాలామంది ఆయనే. ధర రూ. …
ఇంకా చాలా ఉన్నాయి, వచ్చి చూడండి.

ప్రతి ఆదివారం మా దుకాణంలో ఒక కథ పైకి చదువుకుని, దాని గురించి మాట్లాడుకుంటాం. మైకు ఉండదు, వేదిక ఉండదు. చదివి రానక్కర్లేదు, కొననక్కర్లేదు. వినడానికి వచ్చినా సంతోషమే, ప్రవేశం ఉచితం.
ఫిబ్రవరి 8, ఆదివారం సాయంత్రం 5 గంటలకు.
చోటు: … ఫోన్: …"

చోటు దగ్గర వీధి పేరు మాత్రమే రాస్తే కొత్తవాళ్లకు దొరకదు. ఎదురుగా ఏముందో, ఏ మెట్లెక్కాలో రాయాలి. మ్యాపు లింకు పెడదామని చూశాం గానీ, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద రాతలో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. కాబట్టి దారి మాటల్లో చెప్పడమే నయం.

ఇదే రాతను వాట్సాప్‌లో పంపేటప్పుడు ఒకటి రెండు మార్పులు కావాలి. అక్కడ పుస్తకం పేరుకు ముందూ వెనకా చుక్క గుర్తు పెడితే, అంటే *అమరావతి కథలు* అని కొడితే, అక్షరాలు లావుగా కనిపిస్తాయి. చుక్కకూ అక్షరానికీ మధ్య ఖాళీ వదిలితే అది పనిచేయదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ సౌకర్యం లేదు, అక్కడికి అలాగే తెచ్చి అతికిస్తే చుక్కలు చుక్కల్లాగే మిగిలిపోతాయి. మేం మొదటిసారి అలాగే పెట్టి, ఎవరో చెప్పాక సరిదిద్దుకున్నాం.

ఫొటో మీద కూడా తేదీ, వేళ, చోటు రాయాలి. చాలామంది ఫొటోను మాత్రమే దాచుకుని తమ స్టేటస్‌లో పెట్టుకుంటారు, కింది రాత వెనకే ఉండిపోతుంది. ఫొటో మీద ఆ మూడూ ఉంటే ఎవరు ఎక్కడ పెట్టుకున్నా పిలుపు పోదు. ఇక్కడే తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది ఇంకోటుంది. షాపాయన మొదట డీటీపీ చేసే కుర్రాడి దగ్గర రాయించుకొచ్చాడు. ఆ కుర్రాడు పుస్తకాలకూ కరపత్రాలకూ వాడే పాత అను ఫాంట్లలో కొట్టాడు. దాన్ని కాపీ చేసి ఫోన్‌లో అతికిస్తే తెలుగు పోయి అర్థంకాని గుర్తులొచ్చాయి. అవి యూనికోడ్ ఫాంట్లు కావు కాబట్టి ఫోన్‌కు వాటిని చదవడం రాదు. ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతో కొడితే ఈ బాధ లేదు. ఇంకో సంగతి, ఫొటోల మీద అక్షరాలు వేసే కొన్ని యాప్‌లలో కొన్ని ఫాంట్లకు ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకు జరుగుతాయి. ముందు 'కృష్ణ', 'స్త్రీ' అన్న రెండు మాటలు కొట్టి చూస్తే ఆ ఫాంట్ పనికొస్తుందో లేదో వెంటనే తెలుస్తుంది. పుస్తకాల దుకాణం పోస్టులోనే ఒత్తులు ఊడి కనిపిస్తే చదువరికి నమ్మకం పోతుంది.

ఈ మార్పులతో పెట్టిన పోస్టుకు లైకులు ముందటివాటికంటే ఎక్కువేం రాలేదు. ఫోన్లు మాత్రం వచ్చాయి. ఆ ఫోన్లు ఒక్కోటీ మా రాతకు పరీక్ష అని మెల్లగా అర్థమైంది. చోటు ఎక్కడని అడిగారంటే గుర్తు సరిగా చెప్పలేదన్నమాట. పిల్లల్ని తేవొచ్చా అని ఇద్దరడిగారు, అది మాకు తట్టనే లేదు. షాపాయన కౌంటర్ దగ్గర ఉండే నోటుపుస్తకంలో ఆ ప్రశ్నలు రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. వచ్చే శుక్రవారం రాసేటప్పుడు ముందు ఆ పేజీ చూస్తాడు. మనుషులు దుకాణంలోకి వచ్చాక కూడా ఆయన ఒక్క మాట అడుగుతాడు: "ఏది చూసి వచ్చారండీ?" 'అమరావతి' అన్న మాట చూసి వచ్చామన్నవాళ్లున్నారు. చదివి రానక్కర్లేదన్నారు కదా, అందుకని వచ్చామన్నవాళ్లు ఇంకొందరు. ఒక్కరు కూడా 'ప్రవేశం ఉచితం' చూసి వచ్చామనలేదు. తర్వాతి వారం ఆ ముక్క తీసేసి, "పిల్లల్ని తీసుకురావచ్చు" అని పెట్టాడు.

ఆ ఆదివారం పదకొండు మంది కూర్చున్నారు. కుర్చీలు సరిపోక ఇద్దరు పుస్తకాల పెట్టెల మీద కూర్చున్నారు. కథ పైకి చదవడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కృష్ణలంక నుంచి వచ్చిన ఒక పెద్దాయన తమ ఇంట్లోకి నీళ్లొచ్చిన సంగతి మొదలుపెట్టాడు. ఇక అక్కణ్నుంచి మాటలు వాటంతటవే సాగాయి. అమరావతి కథలు ఎనిమిది ప్రతుల్లో అయిదు ఆ సాయంత్రమే అమ్ముడయ్యాయి. కొననక్కర్లేదని రాసిన చేత్తోనే ఆయన బిల్లులు రాశాడు.

వారం వారం ఇలాంటి పోస్టు పెట్టేటప్పుడు ఒక చిక్కుంది. అలవాటైన కన్ను దాన్ని చూడకుండానే దాటేస్తుంది. అందుకని మొదటి ముక్క ఏ వారానికావారం పూర్తిగా కొత్తగా రాస్తాం. పిలుపు, వేళ, చోటు మాత్రం అవే మాటల్లో, అదే చోట కిందనే ఉంచుతాం. పాతవాళ్లు నేరుగా కిందికెళ్లి తేదీ చూసుకుంటారు, కొత్తవాళ్లు పైనున్న కథ దగ్గర ఆగుతారు. ఏదైనా వారం కూర్చోవడం కుదరకపోతే ఆ మాట కూడా అదే చోట, అంతే ముందుగా చెప్పాలి. తలుపు మూసి ఉన్న దుకాణం దగ్గరికి ఒకసారి వచ్చి వెళ్లిన మనిషి మళ్లీ రాడు.

చివరగా మేం చేసిన తప్పు ఒకటి. పైన ఉన్న మా రాత ఇంకోసారి చూడండి. సాయంత్రం 5 గంటలకని ఉంది, ఎన్నింటికి అయిపోతుందో లేదు. శనివారం సాయంత్రం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు మొహమాటంగా ఉంది. "అంకుల్, కథ వినాలని ఉందండీ. ఎన్నింటికి అయిపోతుంది? మా హాస్టల్ గేటు ఏడింటికి వేసేస్తారు" అంది. "ఆరున్నరకల్లా అయిపోతుందమ్మా, తప్పకుండా రా" అన్నాడాయన. వచ్చింది. ఆరు ఇరవై అయిదుకు లేచి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్లింది. ఫోన్ చేసి అడగలేక ఆగిపోయినవాళ్లు ఇంకెందరో మాకు తెలిసే దారి లేదు. అప్పటి నుంచి ఆ వాక్యం "సాయంత్రం 5 నుంచి 6.30 వరకు" అని ఉంటోంది. మీరూ మీ ఊళ్లో ఇలాంటి పిలుపు రాస్తుంటే, మొదలయ్యే వేళ పక్కనే ముగిసే వేళ కూడా రాయండి.